ఇన్‌కమ్ టాక్స్ డిమాండ్ నోటీసులో వడ్డీ లెక్క తప్పిందేమో కనుక్కోవడం ఎలా?

రిటర్న్ వేసిన కొన్ని నెలలకు, రిటర్న్‌లను ప్రాసెస్ చేసే బెంగళూరు కేంద్రం సీపీసీ నుంచి 143(1) ఇంటిమేషన్ వస్తుంది. చివర్లో ఇరవై మూడు వేలో, ఎనభై వేలో కట్టాలని ఉంటుంది. పైన 234ఎ, 234బి, 234సి, 234ఎఫ్ అంటూ నాలుగు లైన్లు, వాటి పక్కన నాలుగు అంకెలు. చాలామంది అడిగేది ఒకటే: "ఈ వడ్డీ సరిగ్గా వేశారా, లేదా? ఎలా తెలుసుకోవాలి?"

వడ్డీ గుణకారంలో కంప్యూటర్ తప్పు చేయడం చాలా అరుదు. తప్పు దాదాపు ఎప్పుడూ అది తీసుకున్న అసలులోనో, నెలల్లోనో ఉంటుంది. అందుకే ముందు మీ లెక్క మీరు వేసుకోండి. తర్వాత నోటీసులోని వడ్డీని వెనక్కి భాగించి, వాళ్లు ఏ అసలు మీద, ఎన్ని నెలలకు వేశారో బయటికి తీయండి. తేడా ఎక్కడ మొదలైందో అక్కడే కనిపిస్తుంది. ఈ పద్ధతిని ఒకే ఉదాహరణతో చివరిదాకా చూద్దాం.

ఇక్కడి సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అంతకు ముందరి సంవత్సరాల నోటీసులకు పాత నంబర్లే వర్తిస్తాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఇంటిమేషన్ పీడీఎఫ్. పాస్‌వర్డ్: మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో (రోజు, నెల, సంవత్సరం), మధ్యలో ఖాళీ లేకుండా.
- మీరు వేసిన రిటర్న్ కాపీ, అక్నాలెడ్జ్‌మెంట్. ఈ-వెరిఫై చేసిన తేదీ కూడా కావాలి.
- అదే సంవత్సరపు ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన టీడీఎస్ చూపే పత్రం. రిటర్న్ వేసినప్పుడు తీసుకున్న పాత కాపీ కాకుండా ఈరోజు డౌన్‌లోడ్ చేసినది.
- కట్టిన చలానాలన్నీ.
- కాగితం, క్యాలిక్యులేటర్.

ముందుగా మన ఉదాహరణ

ఒక ఉద్యోగి, వయసు అరవై లోపు. 2023-24 ఆర్థిక సంవత్సరం, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2024-25. కొత్త పన్ను విధానం. స్టాండర్డ్ డిడక్షన్ పోను జీతం ₹13,90,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ₹2,00,000, మినహాయింపులు పోను ఇంటి అద్దె ₹1,10,000. మొత్తం ఆదాయం ₹17,00,000. సెస్‌తో కలిపి పన్ను ₹2,18,400.

యజమాని కోసిన టీడీఎస్ ₹1,33,120, బ్యాంకు కోసినది ₹20,000, రెండూ కలిపి ₹1,53,120. మిగిలిన పన్ను ₹65,280. అడ్వాన్స్ టాక్స్ ఒక్క రూపాయి కట్టలేదు. రిటర్న్ గడువు 2024 జూలై 31. వేసింది సెప్టెంబర్ 18న. అదే రోజు పన్ను, వడ్డీ, రుసుము కలిపి ₹78,790 సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ కట్టారు. 2025 జనవరి 10 తేదీతో వచ్చిన ఇంటిమేషన్‌లో ₹23,510 డిమాండ్ ఉంది.

1. వడ్డీ జోలికి వెళ్లకముందు రెండు నిలువు వరసలు పోల్చండి

ఇంటిమేషన్‌లో ఒక వరస మీరు రిటర్న్‌లో చూపినది, దాని పక్క వరస సీపీసీ లెక్కగట్టినది. మూడు చోట్ల చూడండి: మొత్తం ఆదాయం, దాని మీద పన్ను, టీడీఎస్ మరియు అడ్వాన్స్ టాక్స్ జమలు. ఏ వరుసలో మొదటిసారి రెండు అంకెలు వేరయ్యాయో అక్కడ గుర్తు పెట్టండి. దాని కింద వచ్చే తేడాల్లో చాలావరకు దాని పిల్లలే.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, కళ్లు నేరుగా కింద ఉన్న పెద్ద మొత్తం మీదికి పోతాయి. అక్కణ్నుంచి పైకి చదివితే నాలుగు వడ్డీ లైన్లూ నాలుగు వేరు వేరు తప్పుల్లా కనిపిస్తాయి. పై నుంచి కిందికే చదవండి.

2. ప్రతి లైన్‌కి అసలు ఏది, నెలలు ఏవి అని రాసుకోండి

మూడు వడ్డీలకూ రేటు ఒకటే: నెలకు 1 శాతం. చక్రవడ్డీ లేదు. రూల్ 119ఎ ప్రకారం నెలలో ఒక్క రోజు పడినా పూర్తి నెలగా లెక్క. అసలును కింది వందకు తగ్గించాలి, అంటే ₹65,280 మీద కాదు, ₹65,200 మీద వడ్డీ. ఈ వంద నియమం మరచిపోయి, పది ఇరవై రూపాయల తేడాకు "తప్పు దొరికింది" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

234ఎ: రిటర్న్ ఆలస్యానికి. అసలు అంటే పన్నులోంచి టీడీఎస్, అడ్వాన్స్ టాక్స్ తీసివేయగా మిగిలినది. గడువు మర్నాటి నుంచి రిటర్న్ వేసిన రోజు దాకా. మన ఉదాహరణలో ఆగస్టు, సెప్టెంబర్: రెండు నెలలు.

234బి: అడ్వాన్స్ టాక్స్ సరిపడా కట్టనందుకు. టీడీఎస్ పోను మిగిలిన పన్నులో 90 శాతం కంటే తక్కువ అడ్వాన్స్ కట్టి ఉంటేనే పడుతుంది. ఏప్రిల్ 1 నుంచి మొదలై పన్ను కట్టేదాకా నడుస్తుంది. బకాయి మిగిలితే ఇంటిమేషన్ తేదీ దాకా సాగుతుంది.

234సి: అడ్వాన్స్ టాక్స్ వాయిదాలు తప్పినందుకు. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి 100 శాతం కట్టి ఉండాలి. మొదటి మూడు వాయిదాల లోటు మీద మూడేసి నెలలు, చివరిదాని మీద ఒక నెల. 44ఎడి, 44ఎడిఎ కింద వ్యాపార, వృత్తి ఆదాయాన్ని అంచనా శాతంతో చూపేవాళ్లకు మాత్రం ఒకే వాయిదా: మార్చి 15.

234ఎఫ్ వడ్డీ కాదు, ఆలస్య రుసుము. ₹5,000, మొత్తం ఆదాయం ఐదు లక్షలు దాటకపోతే ₹1,000. దీన్ని నెలలతో గుణించరు. ఆరు రోజులు ఆలస్యమైనా ఆరు వారాలు ఆలస్యమైనా అంతే.

3. మీ లెక్క మీరు వేయండి

మన ఉదాహరణలో:

```
234A : 65,200 × 1% × 2 = 1,304
234B : 65,200 × 1% × 6 = 3,912
234C :  9,700 × 3%     =   291
       29,300 × 3%     =   879
       48,900 × 3%     = 1,467
       65,200 × 1%     =   652
       మొత్తం           = 3,289
234F :                   5,000
```

234సిలోని ₹9,700 ఎక్కడిదంటే, ₹65,280లో 15 శాతం ₹9,792, దాన్ని కింది వందకు తగ్గించినది. మిగతావీ అంతే. 234బిలో ఆరు నెలలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. వడ్డీలన్నీ కలిపి ₹8,505, రుసుము ₹5,000, పన్ను ₹65,280: మొత్తం ₹78,785. పది రూపాయలకు సవరిస్తే ₹78,790. సరిగ్గా ఇదే ఆయన సెప్టెంబర్ 18న కట్టింది. అంటే ఆయన లెక్క ప్రకారం బకాయి సున్నా.

4. నోటీసులోని వడ్డీని వెనక్కి తిప్పండి

అసలు పని ఇక్కడ ఉంది. నోటీసులో ఇలా ఉందనుకుందాం: 234ఎ ₹1,704, 234బి ₹6,016, 234సి ₹4,299, 234ఎఫ్ ₹5,000.

234ఎతో మొదలుపెట్టండి, దాని నెలలు తేల్చడం తేలిక కాబట్టి. ₹1,704ని రెండు నెలలకు, అంటే 2 శాతానికి భాగిస్తే ₹85,200 వస్తుంది. మన అసలు ₹65,200. తేడా నికరంగా ₹20,000. ఇప్పుడు 26ఏఎస్ తెరవకముందే అనుమానం ఎక్కడికి పోవాలో తెలిసిపోయింది: బ్యాంకు కోసిన టీడీఎస్ సరిగ్గా అంతే. ఇంటిమేషన్‌లో టీడీఎస్ వరుస చూస్తే సీపీసీ వైపు ₹1,33,120 మాత్రమే ఉంటుంది.

234సికి ఒక దగ్గరి దారి ఉంది. అడ్వాన్స్ టాక్స్ ఏమీ కట్టనివాళ్లకు ఈ వడ్డీ మొత్తం కలిపి అసలులో సుమారు 5.05 శాతం అవుతుంది (15, 45, 75 శాతాల మీద మూడేసి శాతం, వంద మీద ఒక శాతం). ₹4,299ని 5.05 శాతానికి భాగిస్తే దాదాపు ₹85,100. వందలకు తగ్గించడం వల్ల కాస్త తక్కువగా తేలుతుంది గానీ, అసలు ₹85,280 అని ఊహించడానికి సరిపోతుంది. రెండు లైన్లూ ఒకే అసలు చెబుతున్నాయి, కాబట్టి తప్పు ఒకటే.

234బి కాస్త చిక్కు. ₹85,200 మీద ఆరు నెలలకు ₹5,112 అవ్వాలి, నోటీసులో ₹6,016 ఉంది. మిగిలిన ₹904 ఎక్కడిది? సెల్ఫ్ అసెస్‌మెంట్‌గా కట్టిన డబ్బు ముందు రుసుముకు, వడ్డీకి పోతుంది, తర్వాతే పన్నుకు. సీపీసీ లెక్కలో సెప్టెంబర్ 18 నాటికి రుసుము, వడ్డీలు కలిపి ₹16,115. కట్టిన ₹78,790లోంచి అది పోను పన్నుకు చేరింది ₹62,675. ₹85,280లో ఇంకా ₹22,605 మిగిలింది. దాన్ని వందకు తగ్గించి ₹22,600 మీద అక్టోబర్ నుంచి జనవరి దాకా నాలుగు నెలలకు 4 శాతం: ₹904. లెక్క అతికింది.

కట్టిన డబ్బంతా ముందు పన్నుకే జమ అవుతుందని అనుకుంటే ఈ ₹904 ఎప్పటికీ అంతుబట్టదు. 234బి తేలనప్పుడు ఎక్కువగా కారణం ఇదే.

చివరగా కూడిక సరిచూడండి. ₹85,280 పన్ను, ₹12,019 వడ్డీ, ₹5,000 రుసుము కలిపి ₹1,02,299. కట్టిన ₹78,790 పోను ₹23,509, సవరిస్తే ₹23,510. కూడికలో తప్పు లేదు, వడ్డీ లెక్కలో తప్పు లేదు. ₹20,000 టీడీఎస్ జమ పడకపోవడం ఒక్కటే కారణం, అది తనతోపాటు మూడున్నర వేల వడ్డీని లాక్కొచ్చింది. ఆ జమ పడితే వడ్డీ లైన్లు వాటంతటవే తగ్గుతాయి. వడ్డీ మాఫీ కోరుతూ విడిగా అర్జీ రాయడం ఇక్కడ దారి తప్పిన పని.

5. ఏ లైన్లు కదిలాయో చూసి కారణం పోల్చుకోండి

234ఎ, బి, సి మూడూ ఒకే అసలుతో పెరిగితే టీడీఎస్ జమలో తేడా. పైన చూసింది ఇదే.

ఎ, సి మీ లెక్కతో సరిపోయి, 234బి మాత్రమే పెరిగితే మీ సెల్ఫ్ అసెస్‌మెంట్ చలానా వాళ్లకు కనిపించలేదు. పై ఉద్యోగే చలానాలో 2024-25 బదులు 2025-26 ఎంచుకున్నారనుకోండి, టీడీఎస్ మాత్రం పూర్తిగా జమ పడింది. అప్పుడు 234బి ₹6,520 వస్తుంది. ఒక నెల వడ్డీ ₹652. దానితో భాగిస్తే పది నెలలు: ఏప్రిల్ నుంచి జనవరి, అంటే ఇంటిమేషన్ తేదీ దాకా. సెప్టెంబర్‌లో డబ్బు అందినట్టు లెక్కలో ఆనవాలే లేదు. నెలలు ఇంటిమేషన్ తేదీ దాకా పూర్తిగా నడిచాయంటే చలానా వెతకండి.

అడ్వాన్స్ టాక్స్ వేళకు కట్టినా బి, సి రెండూ పడితే చలానాలో మైనర్ హెడ్, అంటే చెల్లింపు రకం కోడ్, చూడండి. అడ్వాన్స్ టాక్స్‌కి 100, సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి 300. డిసెంబర్‌లో కట్టిన అడ్వాన్స్‌ను 300 కింద కట్టి ఉంటే డబ్బు జమలో ఉంటుంది, వాయిదా మాత్రం తప్పినట్టే లెక్క.

సీపీసీ ఆదాయాన్ని పెంచి, దానితోపాటు 234సి కూడా పెరిగితే దాన్ని ప్రశ్నించండి. 234సి లెక్కకు ఆధారం మీరు రిటర్న్‌లో చూపిన ఆదాయం మీది పన్ను. సీపీసీ పెంచిన ఆదాయం 234బిలోకి, ఆలస్యమైతే 234ఎలోకి వస్తుంది గానీ 234సిలోకి రాకూడదు.

షేర్లు, స్థలం అమ్మిన లాభం, డివిడెండ్ సంవత్సరం చివర్లో వచ్చినా 234సి నాలుగు వాయిదాలకూ పడిందా? ఇలాంటి ఆదాయం వచ్చాక మిగిలిన వాయిదాల్లో, లేదా మార్చి 31 లోపు పన్ను కట్టేస్తే, అంతకు ముందు వాయిదాల లోటు మీద వడ్డీ వేయకూడదు. కానీ ఆ ఆదాయం ఎప్పుడు వచ్చిందో సీపీసీకి తెలిసేది రిటర్న్‌లోని `Schedule CG`, `Schedule OS` చివర ఉండే తేదీలవారీ పట్టిక నుంచే. ఆ పట్టికలో అంతా మొదటి గడిలోనే వేసి ఉంటే తప్పు రిటర్న్‌లో ఉంది.

6. అసలు ఈ లైన్ ఉండాలా అని కూడా అడగండి

టీడీఎస్ పోను పన్ను ₹10,000 లోపే ఉంటే అడ్వాన్స్ టాక్స్ బాధ్యతే లేదు, కాబట్టి బి, సి రెండూ సున్నా. ఒక టీడీఎస్ జమ తప్పిపోయి బకాయి పది వేలు దాటితే, లేని లైన్లు రెండు కొత్తగా పుట్టుకొస్తాయి.

అరవై నిండిన రెసిడెంట్‌కు వ్యాపార, వృత్తి ఆదాయం లేకపోతే ఎంత పన్ను మిగిలినా బి, సి పడవు. పెన్షన్, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉన్న పెద్దవాళ్ల నోటీసులో ఈ లైన్లు కనిపిస్తే ముందు రిటర్న్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందా చూడండి. పొరపాటున ఏదైనా వ్యాపార షెడ్యూల్‌లో అంకె పడిందేమో కూడా చూడండి.

గడువులోపే వేశానంటున్నా 234ఎ, 234ఎఫ్ పడ్డాయా? ఈ-వెరిఫై తేదీ చూడండి. అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లోపు వెరిఫై చేయకపోతే, వెరిఫై చేసిన రోజునే రిటర్న్ వేసినట్టు లెక్క. జూలై 28న అప్‌లోడ్ చేసి సెప్టెంబర్ 5న వెరిఫై చేస్తే అది ఆలస్యపు రిటర్నే. ఇక్కడ సీపీసీ తప్పేమీ లేదు. అదే, వేళకు వేసిన రిటర్న్‌ను తర్వాత రివైజ్ చేసి ఉంటే ఎ, ఎఫ్ పడకూడదు, రివైజ్ చేయడం ఆలస్యం కింద రాదు.

రిటర్న్ ఆలస్యంగా వేసినా పన్ను మాత్రం గడువు తేదీకి ముందే కట్టేసి ఉంటే, ఆ కట్టిన మొత్తం మీద 234ఎ వేయకూడదని సీబీడీటీ 2015లో సర్క్యులర్ 2/2015 ఇచ్చింది. ఈ ఒక్క కారణంతో తగ్గే డిమాండ్లు కూడా ఉంటాయి.

ఒక హెచ్చరిక. ప్రభుత్వం రిటర్న్ గడువు పొడిగిస్తే 234ఎ, 234ఎఫ్‌లకే ఆ పొడిగింపు వర్తిస్తుంది. 234బి ఆగదు. అసెస్‌మెంట్ ఇయర్ 2025-26కి గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు. బకాయి పన్నును సెప్టెంబర్ 10న కట్టినవాళ్లకు 234బి ఆరు నెలలు పడటం తప్పు కాదు.

7. "పెనాల్టీ" అని కనిపించేది నిజంగా పెనాల్టీయేనా?

143(1) ఇంటిమేషన్‌లో పెనాల్టీ ఉండదు. 234ఎఫ్‌ను జనం పెనాల్టీ అంటారు గానీ అది రుసుము. నిజమైన పెనాల్టీ 270ఎ కింద వస్తుంది: ఆదాయం తక్కువ చూపితే ఆ ఆదాయం మీది పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలతో దాచితే 200 శాతం. దానికి ముందు మీ మాట వినడానికి విడిగా షోకాజ్ నోటీసు ఇవ్వాలి, తర్వాత విడిగా ఆర్డర్ రావాలి.

ఆ ఆర్డర్ వస్తే చూడవలసింది ఒక్క సంగతి: శాతం దేని మీద వేశారు? తక్కువ చూపిన ఆదాయం మీది పన్ను మీద మాత్రమే వేయాలి. 234బి లాంటి వడ్డీ అందులో కలవకూడదు. పెనాల్టీని వెనక్కి భాగించి వచ్చిన అంకె, అసెస్‌మెంట్ ఆర్డర్‌లో పెరిగిన పన్నుతో సరిపోవాలి. వడ్డీ కలిపిన మొత్తంతో సరిపోతే తప్పు పట్టుకున్నట్టే. 50 శాతం రకమైతే, అసెస్‌మెంట్ ఆర్డర్ అందిన నెల ముగిశాక ఒక నెలలోపు, పన్నూ వడ్డీ కట్టి, అప్పీలుకు వెళ్లకుండా ఫారం 68 వేస్తే మినహాయింపు అడిగే వీలుంది. ఆ గడువు చాలా చిన్నది.

8. తప్పు తేలాక చేయవలసినది

ముందు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో `Pending Actions` కింద `Response to Outstanding Demand` తెరిచి, డిమాండ్‌తో ఒప్పుకోవడం లేదని కారణంతో నమోదు చేయండి. కొంత సరైనదైతే ఆ భాగం ఒప్పుకుని కట్టండి. ఊరుకుంటే, తర్వాత వచ్చే ఏదో ఒక రీఫండ్‌లోంచి దీన్ని మినహాయించుకునే ప్రమాదం ఉంది.

డిమాండ్ మీద స్పందన నమోదు చేస్తే సరిపోదు, అది లెక్కను మార్చదు. లెక్క మారాలంటే `Services` కింద `Rectification` వేయాలి. బ్యాంకు ఆలస్యంగా సరిచేయడం వల్ల ఆ ₹20,000 ఈరోజు 26ఏఎస్‌లో కనిపిస్తుంటే `Reprocess the return` చాలు. మీరే రిటర్న్‌లో బ్యాంకు టాన్, అంటే టీడీఎస్ కోసేవారికి ఇచ్చే నంబర్, తప్పు వేసి ఉంటే `Tax credit mismatch correction` ఎంచుకుని సరైన టాన్ ఇవ్వండి. రెక్టిఫికేషన్‌కు ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా గడువు ఉంది.

26ఏఎస్‌లో ఇప్పటికీ ఆ మొత్తం లేకపోతే రెక్టిఫికేషన్ వేసి లాభం లేదు, మళ్లీ అదే డిమాండ్ వస్తుంది. ముందు బ్యాంకును సవరణ టీడీఎస్ స్టేట్‌మెంట్ వేయమనండి. మీ పాన్ తప్పు పడిందా, ఆ త్రైమాసికం స్టేట్‌మెంటే వేయలేదా అని స్పష్టంగా అడిగితే పని త్వరగా కదులుతుంది. 26ఏఎస్‌లో పడ్డాకే రెక్టిఫికేషన్.

చలానాలో సంవత్సరం, మైనర్ హెడ్ తప్పితే పోర్టల్‌లో `Challan Correction` ఉంది గానీ అది కట్టిన తర్వాత తక్కువ రోజులే పనిచేస్తుంది. నోటీసు వచ్చేసరికి దాదాపు ఎప్పుడూ ఆ గడువు దాటిపోతుంది. అప్పుడు చలానా కాపీతో మీ అసెసింగ్ ఆఫీసర్‌కు దరఖాస్తు ఇచ్చి మార్పించుకోవాలి, ఆ తర్వాత రెక్టిఫికేషన్.

డిమాండ్ సరైనదే అని తేలితే 30 రోజుల్లో కట్టండి. ఎంచుకోవలసిన మైనర్ హెడ్ 400. దీన్ని 300 కింద కడితే డబ్బు వెళ్తుంది, డిమాండ్ మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. 30 రోజులు దాటితే 220(2) కింద మళ్లీ నెలకు 1 శాతం మొదలవుతుంది. జనవరి 10న అందిన నోటీసుకు ఈ వడ్డీ ఫిబ్రవరి 10 కంటే ముందు పడితే, అదీ ప్రశ్నించవలసిన లైనే. రెక్టిఫికేషన్‌లో డిమాండ్ తగ్గితే 220(2) కూడా ఆ మేరకు తగ్గాలి.

రెక్టిఫికేషన్ ఆర్డర్ వచ్చాక మళ్లీ నాలుగో మెట్టు చేయండి. మన ఉదాహరణలో కొత్త ఆర్డర్‌లో 234ఎ ₹1,304, 234బి ₹3,912, 234సి ₹3,289 ఉండాలి. టీడీఎస్ మాత్రం ₹1,53,120కి మారి, 234బి ఇంకా ₹3,912 కంటే ఎక్కువ ఉంటే చలానాను మళ్లీ చూడలేదన్నమాట. దాన్ని పట్టుకుని మరోసారి రెక్టిఫికేషన్ వేయండి, ఈసారి ఆ ఒక్క లైన్ లెక్కనే నెలలతో సహా చూపిస్తూ.